ప్రెస్ షాపులో మొదటి రోజు: సేఫ్టీ ఇండక్షన్ వీడియో స్క్రిప్ట్

నిడివి 4 నిమిషాలు. హిందీ, ఇంగ్లీష్ లైన్లు కూడా తెలుగు లిపిలోనే ఉన్నాయి, ఒకే గొంతు మూడూ చదవాలి. వాక్యానికి వాక్యానికి మధ్య ఒక్క క్షణం ఆగండి. మ్యూజిక్ వద్దు, ప్రెస్ చప్పుడే చాలు.

సీన్ 1: గేటు

(కొత్త హెల్పర్ లోపలికి వస్తాడు. చేతికి కడియం, వేలికి ఉంగరం.)

తెలుగు: నమస్కారం. కడియం, ఉంగరం తీసి లాకర్లో పెట్టండి. వదులు బట్టలు వద్దు. హెల్మెట్, కళ్లద్దాలు, సేఫ్టీ షూస్ వేసుకోండి. చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోండి.

హిందీ: కడా ఔర్ అంగూఠీ ఉతారియే. హెల్మెట్, చష్మా, సేఫ్టీ షూస్ పహనియే.

ఇంగ్లీష్: రిమూవ్ రింగ్స్ అండ్ బ్యాంగిల్స్. వేర్ యువర్ హెల్మెట్, గ్లాసెస్ అండ్ షూస్.

సీన్ 2: దారి

తెలుగు: పసుపు గీతల మధ్యే నడవండి. ఫోర్క్‌లిఫ్ట్ వస్తే ఆగండి. సరుకు అడ్డుంటే డ్రైవర్‌కి మీరు కనపడరు. అతను చెయ్యి ఊపాకే దాటండి.

హిందీ: పీలీ లైన్ కే అందర్ చలియే.

ఇంగ్లీష్: స్టాప్ ఫర్ ఫోర్క్‌లిఫ్ట్స్.

సీన్ 3: ప్రెస్

(వీడియోకి ప్రాణం ఇదే, తొందర వద్దు. డైలో రేకు ఇరుక్కుంది. హెల్పర్ చెయ్యి ముందుకు వెళ్తుంది. అక్కడే ఫ్రీజ్.)

తెలుగు: ఆగండి! చెయ్యి పెట్టొద్దు. స్విచ్ ఆపినా ఫ్లైవీల్ కాసేపు తిరుగుతూనే ఉంటుంది. ఎర్ర బటన్ నొక్కండి. మెయింటెనెన్స్‌ని పిలవండి.

(మెకానిక్ మెయిన్ స్విచ్‌కి తాళం వేస్తాడు. ట్యాగ్ కడతాడు. ఫ్లైవీల్ పూర్తిగా ఆగాక ర్యామ్ కింద సేఫ్టీ బ్లాక్ పెడతాడు. తాళంచెవి అతని జేబులోకి వెళ్లడం దగ్గరగా చూపించండి.)

తెలుగు: తాళం వేసినవాళ్లే తియ్యాలి. ప్రెస్ నడపడానికి రెండు బటన్లు పెట్టింది రెండు చేతులూ బయట ఉండాలనే. ఒక బటన్‌కి టేపు వేసి ఉంటే ఆ ప్రెస్ ముట్టుకోవద్దు. టార్గెట్ ఉందని ఎవరు చెప్పినా సరే.

హిందీ: హాథ్ అందర్ మత్ డాలియే. స్విచ్ బంద్ కర్‌నే పర్ భీ చక్కా ఘూమ్‌తా హై. దూస్‌రే కా తాలా మత్ ఖోలియే.

ఇంగ్లీష్: కీప్ యువర్ హ్యాండ్స్ అవుట్. ది వీల్ టర్న్స్ ఈవెన్ ఆఫ్టర్ స్విచ్ ఆఫ్. నెవర్ రిమూవ్ అనదర్ పర్సన్స్ లాక్.

సీన్ 4: మంటలు

తెలుగు: అలారం మోగితే పని వదిలేసి బయటికి రండి. ఆకుపచ్చ బోర్డు దగ్గర నిలబడండి, అక్కడ పేర్లు పిలుస్తారు. కరెంటు మంటపై నీళ్లు పోయొద్దు.

హిందీ: బిజ్‌లీ కీ ఆగ్ పర్ పానీ మత్ డాలియే.

ఇంగ్లీష్: నో వాటర్ ఆన్ ఎలక్ట్రికల్ ఫైర్.

సీన్ 5: దెబ్బ

తెలుగు: రేకు అంచు కొంచెం గీరుకున్నా చెప్పండి. ఎవరూ తిట్టరు.

హిందీ: ఛోటీ చోట్ భీ బతాయియే.

ఇంగ్లీష్: రిపోర్ట్ ఎవ్రీ ఇంజ్యురీ.

(ఇక్కడ వీడియో ఆపండి. కొత్తవాళ్లని షాపులోకి తీసుకెళ్లి, ఎర్ర బటన్ ఎక్కడుందో ఒక్కొక్కరినీ వేలు పెట్టి చూపించమనండి. చూపించినవాళ్ల కార్డు మీదే సంతకం పెట్టండి.)