కోనసీమ కొబ్బరి పొట్టు: కిలో ధర ఒక్కటే కాదు, లీటర్లూ ఉప్పూ చూసి కొనండి

"5 కిలోల బ్లాక్ ఎంతకిస్తారు?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. "నీళ్లు పోస్తే ఎన్ని లీటర్లవుతుంది?" అని మాత్రం ఎప్పుడో గానీ అడగరు. కుండీ నిండేది లీటర్లతోనే కాబట్టి మీరు డబ్బు పెట్టేది ఆ రెండో లెక్క మీద.

మాది అంబాజీపేట దగ్గర కొబ్బరి పొట్టు యూనిట్. బయటి దేశాల్లో నర్సరీలు, గ్రీన్‌హౌస్‌లు, గార్డెన్ స్టోర్లు నడుపుతున్న తెలుగువాళ్లు చాలామంది మా ఇంగ్లీషు స్పెసిఫికేషన్ షీట్ చూసి ఫోన్ చేస్తున్నారు. "అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఈ ఈసీ అంటే ఏంటండీ?" అంటున్నారు. వాళ్ల కోసం ఈసారి తెలుగులో రాస్తున్నాను.

ఈసీ అంటే పొట్టులో ఎంత ఉప్పుందో చెప్పే కొలత. కొబ్బరి డొక్కలో సోడియం, పొటాషియం సహజంగానే ఉంటాయి. సముద్రానికి దగ్గరగా పెరిగిన చెట్టయితే ఇంకాస్త ఎక్కువ. కడగని పొట్టులో నారు పోస్తే వేరు మాడుతుంది. పెన్ను సైజు మీటరు తెర మీద mS/cm అని ఉంటే అంకె 0.5 లోపు రావాలి, µS/cm అని ఉంటే 500 లోపు. ఒక్క జాగ్రత్త: ఒక వంతు పొట్టుకి ఒకటిన్నర వంతుల నీళ్లు కలిపి కొలిస్తే ఒక అంకె వస్తుంది, ఐదు వంతులు కలిపితే అంతకంటే తక్కువ వస్తుంది. ఎవరి దగ్గర కొన్నా "ఏ పద్ధతిలో కొలిచారు?" అని అడగండి. మేం చెప్పే అంకెలన్నీ ఒకటికి ఒకటిన్నర పద్ధతిలోవి.

ఇప్పుడు మా దగ్గర ఉన్న సరుకు.

5 కిలోల బ్లాక్. పొడవు, వెడల్పు 30 సెంటీమీటర్లు, మందం సుమారు 12. ఈసీ 0.5 లోపు, తేమ 18 శాతం లోపు, ఇసుక 2 శాతం లోపు, పీహెచ్ 5.5 నుంచి 6.5. 20 నుంచి 25 లీటర్ల నీళ్లు తాగి కనీసం 65 లీటర్ల పొట్టు అవుతుంది. మీ ఊళ్లో పెద్ద బకెట్టుతో కొలిచి చూసుకోండి, మేం కూడా ప్రతి లాట్ నుంచీ బ్లాకులు తీసి అలాగే కొలుస్తాం.

650 గ్రాముల ఇటుక. ఇంటి మేడ మీద మొక్కలు పెంచుకునేవాళ్లకి, స్టోర్లో అరల మీద పెట్టి అమ్మేవాళ్లకి. ఒక్కోటి 8 నుంచి 9 లీటర్లవుతుంది. మీ పేరుతో లేబుల్ వేసి ఇస్తాం.

గ్రో బ్యాగ్. టమాటా, కీర, క్యాప్సికం వేసే గ్రీన్‌హౌస్‌లకి. 70 శాతం పొట్టు, 30 శాతం డొక్క ముక్కలు. నీళ్లు పెట్టాక 100 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 10 ఎత్తు వస్తుంది. దీనికి వాడే పొట్టుని కడగడంతో ఆపం, బఫరింగ్ కూడా చేస్తాం. మామూలు నీళ్లకి పైపై ఉప్పే పోతుంది. పొట్టుని గట్టిగా పట్టుకున్న సోడియం, పొటాషియం అలాగే ఉంటాయి. మీరు క్యాల్షియం ఎరువు పెట్టగానే పొట్టు దాన్ని లాగేసుకుని వీటిని వదులుతుంది. మొక్కకి క్యాల్షియం చాలక టమాటా కాయ అడుగున నల్లబడి కుళ్లుతుంది. అందుకని మేమే ముందుగా క్యాల్షియం నైట్రేట్ నీళ్లలో నానబెట్టి మళ్లీ కడుగుతాం. ధర కొంచెం ఎక్కువే, కానీ గ్రీన్‌హౌస్ వాళ్లు ఇది కాకుండా వేరేది తీసుకోవద్దని నా సలహా.

ఆర్కిడ్లకి డొక్క ముక్కలు, పరుపులకి పీచు బేళ్లు కూడా ఉన్నాయి. వాటి వివరాలు అడిగితే పంపుతాను.

ఇక నాణ్యత ఎక్కడ తేలుతుందో చెప్పాలి. కడగడానికి మంచినీళ్లు కావాలి, ఆరబెట్టడానికి ఎండ కావాలి. మాకు నీళ్లు గోదావరి కాలువ నుంచి వస్తాయి. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. తీరం వైపు బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. ఉప్పునీళ్లతో కడిగితే ఉప్పెలా పోతుంది? అందుకే కాలువలో నీళ్లుండగానే కడుగుడు పని ముగించి, ఎండల్లో ఆరబెట్టుకుంటాం.

కళ్లంలో పొట్టు ఆరిందో లేదో మీటరు కంటే ముందు మా పెద్దక్క చెబుతుంది. పన్నెండేళ్లుగా మా దగ్గర పనిచేస్తోంది. కుప్ప మధ్యలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి గుప్పెడు తీసి గట్టిగా నొక్కి చెయ్యి తెరుస్తుంది. పొట్టు పొడిపొడిగా విడిపోతే సరే. ముద్దలా నిలబడితే "ఇంకో ఎండ కావాలి బాబూ" అంటుంది. ఆ మాట అన్నాక ఆ కుప్ప ప్రెస్సు దగ్గరికి వెళ్లదు.

ఆ పట్టింపు ఊరికే రాలేదు. మా రెండో షిప్‌మెంట్ అప్పుడు అక్టోబరు వానలు పట్టుకున్నాయి. ఓడ తేదీ దగ్గరపడిందన్న టెన్షన్‌లో సరిగా ఆరని పొట్టుని ప్రెస్ చేయించాను. బ్లాక్ తూకం 5 కిలోలే, కానీ అందులో తేమే ఎక్కువ. అవతలి బయ్యరు బకెట్టుతో కొలిచి 56 లీటర్లే వచ్చిందని ఫొటోలు పంపారు. ఆయన మాట నిజం. తగ్గినంతకీ డబ్బు వెనక్కిచ్చాను. ఆయన ఇప్పటికీ మా దగ్గరే కొంటున్నారు. అప్పటి నుంచి జూన్ మొదలు నవంబరు దాకా నిల్వ ఉన్న ఎండు సరుకుకే ఆర్డరు ఒప్పుకుంటాను, కొత్తగా ఆరబెట్టి ఇస్తానని మాటివ్వను.

లోడింగ్ విశాఖపట్నం పోర్టు నుంచి. 40 అడుగుల హై క్యూబ్ కంటైనర్లో పాలెట్లు లేకుండా సుమారు 24 టన్నులు, అంటే 4,800 బ్లాకులు పడతాయి. పాలెట్లు కావాలంటే సరుకు కొంత తగ్గుతుంది. చెక్క పాలెట్లయితే వేడిచేసి ఐఎస్‌పీఎం-15 ముద్ర వేసినవే వాడతాం. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, ల్యాబ్ రిపోర్టు సరుకుతో పాటు వస్తాయి. హెచ్‌ఎస్ కోడ్ 5305. మీ దేశంలో ముందస్తు దిగుమతి అనుమతి అవసరమా అన్నది ఆర్డరుకి ముందే మీ క్లియరింగ్ ఏజెంటుని అడగండి. కంటైనర్ పోర్టులో నిలిచిపోతే రోజురోజుకీ అద్దె పెరుగుతుంది.

మొదటిసారి కొనేవాళ్లు కంటైనర్‌తో మొదలుపెట్టొద్దు. రెండు బ్లాకులు, ఒక గ్రో బ్యాగ్ నమూనాగా పంపుతాను. సరుకు ఉచితం, కొరియర్ ఖర్చు మీది. నీళ్లు పోసి, లీటర్లు కొలిచి, మీటరు పెట్టి చూడండి. నచ్చితే 30 శాతం అడ్వాన్సు, మిగతాది బిల్ ఆఫ్ లేడింగ్ కాపీ చూశాక.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోడింగ్‌కి బుకింగ్ తీసుకుంటున్నాం. ఏ పంటకి, ఏ దేశానికి, నెలకి ఎంత కావాలో ఇక్కడే మెసేజ్ పెట్టండి. తెలుగులో రాసినా సరే, మరుసటి రోజుకల్లా నేనే జవాబిస్తాను.

#కొబ్బరిపొట్టు #కోనసీమ #అంబాజీపేట #ఎగుమతులు #గ్రోబ్యాగ్