మాడిన ఆకు

మా నాన్న పుట్టిన ఊరు వదిలి ఎక్కడికీ పోలేదు, జిల్లానే అటూ ఇటూ మారింది. ఆయన పుట్టిన 1947లో కందుకూరు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా పెట్టి అందులో కలిపారు. రెండేళ్లకు దానికి ప్రకాశం అని పేరొచ్చింది. 2022లో మళ్లీ నెల్లూరుకి ఇచ్చేశారు. మీది ఏ జిల్లా అని ఎవరన్నా అడిగితే "ఏ సంవత్సరం సంగతి?" అని ఎదురడుగుతాడు. ఇట్లాంటివి గంటసేపైనా చెప్తాడు. తన సంగతి మాత్రం ఒక్క ముక్క బయటికి రాదు. అమ్మ పోయినప్పుడు కూడా వచ్చినవాళ్లకి వానల గురించే చెప్పాడు.

అమ్మ సంవత్సరీకానికి వెళ్లినప్పుడు నాలుగు రోజులు ఉండిపోయాను. చుట్టాలు వెళ్లిన మర్నాడే ఇటుకల కాంట్రాక్టరు వచ్చాడు. మా చేను గట్టున పొగాకు ఆరబెట్టే బ్యారన్ ఉంది, తాత కట్టించింది. మేం పొగాకు మానేసి చాలా ఏళ్లయింది. పైకప్పు రేకులు ఒక గాలివానకి పోయాయి. లోపల సర్కారు తుమ్మ మొలిచింది. గోడలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. ఆ ఇటుక కోసం ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, నాన్న వద్దంటూనే ఉంటాడు.

"మామా, కూలీలు నావాళ్లే, ట్రాక్టరు నాదే. నువ్వు ఊఁ అంటే చాలు" అన్నాడతను.

"అది ఉంటే నీకేమన్నా అడ్డంగా ఉందా అబ్బయ్యా?" అన్నాడు నాన్న.

అతను పోయాక నాకు కోపం వచ్చింది. "పాములకు తప్ప ఎవరికి పనికొస్తుంది నాన్నా అది? పోయిన నెల మేకల పిల్లాడి మీద ఇటుక రాలిందంట కదా. తాత గుర్తు అనుకుంటే ఇంట్లో ఫోటో ఉందిగా!"

"మీ తాత గుర్తు కాదులే" అన్నాడు.

మామూలుగా అయితే అక్కడితో ఆగిపోయేది. ఆ రోజు కరెంటు పోయింది. వేపచెట్టు కింద రెండు కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. నాన్న ఒక కాయ తీసుకుని ఈనె లాగి, పక్కన పెట్టి, "రమణమ్మ అని ఒకమ్మాయి ఉండేది" అన్నాడు.

చుట్టాల్లో ఎవరో అనుకున్నాను. "ఏ రమణమ్మ?"

"నీకు తెలీదు. ఆకు కట్టడానికి వచ్చేది."

నా చేతిలో కాయ అట్లాగే ఉండిపోయింది. ఆయన ముఖం వంక చూడకుండా మళ్లీ ఈనెలు తీయడం మొదలుపెట్టాను. చూస్తే ఆపేస్తాడని భయం.

ఆకు కోసే రెలుపులు మొదలైతే పక్క ఊళ్ల నుంచి ఆడవాళ్లు గుంపులుగా వచ్చేవాళ్లట. కోసిన పచ్చాకుని కర్రలకు కట్టడం, ఆ కర్రలను బ్యారన్‌లో వరసలు వరసలుగా పైదాకా ఎక్కించడం, కింద పొయ్యిలో కట్టెలు ఎగదోయడం. ముందు ఆకు పండుబారాలి, తర్వాత ఆరాలి, చివరికి ఈనె కూడా ఎండాలి. ఐదారు రోజులు రాత్రీ పగలూ మంట చూసుకుంటూ ఉండాలి. రాత్రి కాపలా నాన్నది. కిటికీ అద్దంలోంచి టార్చి కొట్టి లోపల వేలాడదీసిన థర్మామీటరు చూడటం, పలక మీద రాయడం. ఈ భాగం మాత్రం ఎంత వివరంగా చెప్పాడంటే, నన్ను అక్కడ పనికి పెట్టుకుంటాడేమో అనిపించింది.

"పచ్చాకు జిగురు చేతికి అంటుకుంటే నల్లగా తారు మాదిరి పట్టేస్తది. చింతపండేసి రుద్దినా పోదు. అన్నం కలుపుకుంటే ముద్ద చేదు. వాళ్లంతా ఆ చేదు ముద్దే తినేవాళ్లు. ఆ పిల్ల మాత్రం మోదుగాకు చుట్టి చెంచా చేసుకుని తినేది. అందరూ నవ్వేవాళ్లు, దొరసానమ్మ వచ్చిందని. అదీ మొదలు."

"ఏంది మొదలు?"

"చూడటం."

వాళ్లు మాట్లాడుకుంది ఎక్కువగా శనివారాలట. మాలకొండ గుడి తెరిచేది శనివారం ఒక్కరోజే కదా, జనం మధ్యలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ఎవరికీ పట్టదు. మా నాన్న పేరు మాలకొండయ్య. స్వామి దర్శనానికి వారం వారం పోతుంటే నాయనమ్మ మురిసిపోయేదట, కొడుక్కి పేరుకు తగ్గ భక్తి వచ్చిందని. ఇది చెప్పి నాన్న నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. వెంటనే, అమ్మ ఏడాది తిరిగిన నాలుగో రోజున నేనిట్లా నవ్వడమేంటి అనిపించింది.

"వాళ్లు మన కులం కాదు" అన్నాడు. ఏ కులమో చెప్పలేదు, నేను అడగలేదు. ఆ రోజుల్లో ఆ ఒక్క మాటతో అంతా అయిపోయినట్టే.

1970 వేసవి. ఆ ఏడాది ఆకు బాగా వచ్చింది. చివరి బ్యారన్ కాలుతున్న రాత్రి రమణమ్మ వచ్చింది. వాళ్ల గుంపు తెల్లారితే వెళ్లిపోతుంది. ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారంటే, "ఏముంది, వాళ్ల బర్రెగొడ్డు ఈనిన సంగతి" అన్నాడు. నాన్న ముందే పొయ్యి నిండా కట్టెలు ఎగదోసి పెట్టుకున్నాడు, మాటిమాటికీ లేవాల్సిన పని లేకుండా. లేచి టార్చి కొట్టి చూసేసరికి థర్మామీటరులో వేడి ఎక్కడికో పోయింది. తెల్లారి తలుపు తీస్తే బంగారం రంగులో ఉండాల్సిన ఆకు మాడు రంగులో ఉంది. ఒక బ్యారన్ ఆకు మొత్తం. కొనేవాడు దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు.

"నిద్రపోయానని చెప్పాను మా నాయనకి. ఆయన పలక తీసుకుని చూశాడు. పది గంటల దాకా రాసి ఉంది, తర్వాత ఏమీ లేదు. పొయ్యి దగ్గర మోదుగాకు చెంచా ఉంది. కొట్టలేదు. కొడితే బాగుండేది. ఆకు కట్టినవాళ్ల కూలి లెక్క చూసి, అందరికీ ఇచ్చి, రమణమ్మ వాళ్ల నాయనకి మాత్రం సగమే ఇచ్చాడు. ఆయన ఎందుకని అడగలేదు."

ఇంతసేపట్లో నాన్న గొంతు మారింది అక్కడే.

వారం తర్వాత శనివారం కొండ దగ్గర కలిశారు. సింగరాయకొండ పోయి మద్రాసు రైలెక్కుదామన్నాడట నాన్న. జేబులో డబ్బులు కూడా పెట్టుకుని పోయాడు. ఆమె ఒప్పుకోలేదు.

"ఏమందో తెలుసా? 'మీ నాయన నిన్ను రెండేళ్లకైనా ఇంట్లోకి రానిస్తాడు. మా నాయన్ని ఊళ్లోకి కూడా రానివ్వరు' అంది. నాకు మళ్లీ మాట రాలేదు. లెక్క కరెక్టు గదా. నాకంటే చిన్నది, బడి ముఖం చూసింది కాదు. నేను ఎస్సెల్సీ."

ఆమెకు కనిగిరి వైపు పెళ్లయింది. నాన్నకు 1974లో అమ్మతో అయింది. నేను పుట్టాను. ఈ ముక్క ఆయన ఎంత తొందరగా చెప్పాడో నేనూ అంతే తొందరగా రాస్తున్నాను. మా అమ్మ నలభై తొమ్మిదేళ్ల కాపురం ఒక్క వాక్యంలో అయిపోవడం నాకు నచ్చలేదు. కానీ ఆ పూట కథ ఆమెది కాదు.

"అమ్మకు తెలుసా?"

"నేను చెప్పలేదు. ఆమె అడగలేదు."

చిక్కుడుకాయలు అయిపోయాయి. పనేమీ లేకపోయేసరికి, ఎప్పటి నుంచో లోపల ఉన్న మాట బయటికి వచ్చేసింది.

"ఇంత జరిగినవాడివి, నన్నెందుకు నాన్నా అంత ఏడిపించావు?"

1999లో నేను రవిని చేసుకున్నాను. వరంగల్ అబ్బాయి, మన కులం కాదు. నాన్న అరవలేదు, తిట్టలేదు. నాలుగేళ్లు నా పేరు ఎత్తలేదు, అంతే. నా కొడుకు పుట్టాడని ఫోన్ చేస్తే రిసీవర్ అమ్మకిచ్చి పొలం వెళ్లిపోయాడు. 2003 మేలో ఉన్నట్టుండి ఉలవపాడు మామిడికాయల గంప నెత్తిన పెట్టుకుని హైదరాబాదులో మా గుమ్మం ముందు నిలబడ్డాడు. అమ్మే ఏడ్చి మొత్తుకుని పంపించిందని ఇన్నేళ్లూ అనుకున్నాను. అమ్మతో ఆ మాట అన్నాను కూడా. ఆమె కాదనలేదు.

నాన్న చాలాసేపు వేలి గోరులో మట్టి తీసుకున్నాడు.

"పరువని, కులమని జనం అనుకున్నారు. నేనూ అట్టాగే అనిపించాను. అది కాదమ్మాయ్. నాకు కుదరంది నీకు కుదురుతుంటే... కుళ్లు అనుకో."

"కుళ్లా? కూతురి మీదా?"

"ఎవరి మీదైతే ఏంది? నువ్వు ఫోన్లో ఎంత తేలిగ్గా చెప్పావు! 'నాన్నా, రిజిస్టరాఫీసులో చేసుకున్నాం' అని. అంతేనా, ఇంత తేలికా అనిపించింది. నేను రైలు టిక్కెట్టు దాకా పోలేకపోయా."

తేలిగ్గా చెప్పానట! ఆ ఫోన్ చేసేముందు ఎస్టీడీ బూత్ బయట అరగంట నిలబడ్డాను నేను. ఆ సంగతి ఆయనకు చెప్పాను. ఆయన తల ఊపాడు.

"మరి మామిడికాయలు?"

"ఆ మార్చిలో కొండ మీద కనపడింది. మనవరాలికి పుట్టెంట్రుకలు తీయిస్తా ఉంది. నేను గుర్తుపట్టలేదు, ఆమే పట్టింది. 'పిల్లలెంతమంది?' అంది. ఒక కూతురు, ఇష్టపడి చేసుకుంది, మేం పోవడం లేదు అన్నాను. ఏందో గొప్పగా చెప్పుకున్నట్టే చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసి, 'మీ నాయన సగం కూలైనా ఇచ్చాడు మాలకొండయ్యా. నువ్వు అది కూడా ఇవ్వలేదు ఆ పిల్లకి' అని వెళ్లిపోయింది."

నాకు ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది. నాలుగేళ్లు అమ్మ చాటుగా బూత్‌కి వెళ్లి ఫోన్ చేసి ఏడ్చిన ఏడుపుకి కదలనివాడు, ఆమె ఒక్క మాటకి కదిలాడు. ఆ క్రెడిట్ అంతా అమ్మదని నేను మొన్న సంవత్సరీకంలో పదిమంది ముందు చెప్పాను కూడా.

"అమ్మ ఎంత ఏడ్చిందో తెలుసా నీకు?" అన్నాను.

"తెలుసు. పక్క మంచమేగా."

దానికి నా దగ్గర మాట లేదు. కాసేపటికి, "ఆమె ఉందా ఇప్పుడు?" అన్నాను.

"తెలీదు. తెలుసుకోలేదు."

కరెంటు వచ్చింది. ఇంట్లో టీవీ దానంతట అదే మోగడం మొదలైంది. నేను లేవబోతుంటే, "రవికి ఫోన్ కలుపు" అన్నాడు. ఇరవై ఏళ్లుగా వస్తూ పోతూ ఉన్నా, రవితో ఆయన తనంతట తాను ఫోన్లో మాట్లాడింది లేదు.

"ఏం చెప్తావు?"

"నీకు చెప్పిందే. కుళ్లు సంగతి. ఆయనకి చెప్పాల్సిన బాకీ ఉంది గదా."

కలిపి ఇచ్చాను. రవి కంగారుపడ్డాడు, నాకేమన్నా అయిందేమోనని. "ఏం లేదు బాబూ, అమ్మాయి బాగానే ఉంది" అన్నాడు నాన్న. తర్వాత హైదరాబాదులో వానలు పడ్డాయా అని అడిగాడు. ఇక్కడ పడలేదని చెప్పాడు. షుగర్ మాత్ర పొద్దున వేసుకోవాలా, రాత్రా అని అడిగాడు. మనవడి చదువు, కరేడు దగ్గర హైవే మీద ట్రాఫిక్, పాత ఇటుకకి ఇప్పుడు ఎంతిస్తున్నారు, అన్నీ అయ్యాయి. నేను ఎదురుగా నిలబడి కళ్లతో అడుగుతూనే ఉన్నాను, చెప్పవేం అని. ఆయన అటు తిరిగి కూర్చున్నాడు.

"సరే బాబూ, ఉంటా" అని ఫోన్ నా చేతికిచ్చేశాడు.

"చెప్పలేదేం?"

"సిగ్నల్ సరిగ్గా లేదమ్మాయ్" అన్నాడు. "రేపు చెప్తాలే."