షార్లెట్ ఎందుకు చనిపోవాల్సి వచ్చింది

అనంతపురం
ఆదివారం

చిరంజీవి కార్తీక్‌కు,

అత్త ఆశీస్సులు. రాత్రి అన్నం తినకుండా పడుకున్నావని, "షార్లెట్‌ను ఎందుకు చంపేశాడు?" అని మీ నాయన మీద కేకలేశావని జేజి ఫోన్‌లో చెప్పింది. షార్లెట్ అనే సాలీడు, విల్బర్ అనే పందిపిల్లల స్నేహం కథ 'షార్లెట్స్ వెబ్' నీకు పంపింది నేను కాబట్టి జవాబు నేనే చెప్పాలి.

ఆ రచయిత ఇ.బి. వైట్ అమెరికాలో, మెయిన్ అనే రాష్ట్రంలో పొలం చేసుకుంటూ పందుల్ని కూడా పెంచినాయన. జబ్బు చేసిన తన పందిని బతికించుకోలేక, 1948లో దాని గురించి ఒక వ్యాసం రాశాడు. 'షార్లెట్స్ వెబ్' వచ్చింది 1952లో. కథలోనైనా ఒక పందిని బతికించుకుందామనుకున్నాడేమో అనిపిస్తుంది నాకు.

మరి సాలీడును ఎందుకు బతికించలేదు అంటావు. చూడు నాయనా, విల్బర్‌ను చంపాలనుకున్నది మనుషులు. మన దగ్గర దేవరకని పొట్టేలును మేపినట్టే, వాళ్లు చలికాలానికి కోసుకుందామని మేపుతున్నారు. మనుషుల మనసు మార్చొచ్చు. షార్లెట్ గూటిలో అక్షరాలు అల్లి మార్చింది కూడా. కానీ ఆమె చావు ఎవరో తీసుకున్న నిర్ణయం కాదు. ఆ జాతి ఆడ సాలీళ్లు గుడ్లు పెట్టి, చలి ముదిరేలోపు పోతాయి. ఎన్ని అక్షరాలు అల్లినా చలికాలానికి చదవడం రాదు కదా! వైట్ సాలీళ్ల గురించి బాగా చదివాకే ఈ కథ రాశాడు. తెలిసి తెలిసీ నీకు అబద్ధం చెప్పలేకపోయాడు.

నీ అసలు కోపం ఆమె ఒంటరిగా పోయినందుకే. నాకూ అక్కడే గొంతు పట్టేస్తుంది. విల్బర్ అక్కడే ఉండిపోవాల్సింది అన్నావట. వాడు ఉంటాననే ఏడ్చాడు, కానీ అప్పటికే వాడిని పెట్టెలోకి ఎక్కించి ప్రదర్శన నుంచి ఇంటికి తీసుకుపోబోతున్నారు. అందుకే చేతనైనది చేశాడు. ఇకనుంచి నా తొట్టిలో తిండి ముందు నువ్వే తిను అని వాళ్లతో వచ్చిన ఎలుకకు ఆశపెట్టి, షార్లెట్ గుడ్ల సంచి కిందికి తెప్పించాడు. దాన్ని నాలుక మీద పెట్టుకున్నాడు కాబట్టి నోరు తెరవలేడు. వెళ్లేటప్పుడు షార్లెట్‌కు కన్ను గీటాడు, అంతే. ఆ పేజీ మళ్లీ ఒకసారి చదువు. వాళ్లు సరిగా సెలవు తీసుకోలేదని మాత్రం ఇంక అనవు.

ఏడ్చినందుకు మీ అన్న ఎగతాళి చేస్తున్నాడట. ఇది చెప్పు వాడికి: వైట్ తన పుస్తకాన్ని తానే చదివి రికార్డు చేసినప్పుడు, ఆ చావు భాగం గొంతు వణక్కుండా చదవడానికి 17 సార్లు పట్టిందట. రాసినాయనకే అంత కష్టమైంది!

నువ్వు 21వ అధ్యాయం దగ్గర పుస్తకం విసిరికొట్టావు. ఇంకొకటి మిగిలే ఉంది. గుడ్లు 514 కదా, ఎండాకాలానికి ముందు పిల్లలు బయటికొస్తాయి. వాటిలో దాదాపు అన్నీ దారప్పోగులు వదిలి గాలికి ఎగిరిపోతాయి, విల్బర్ మళ్లీ ఏడుస్తాడు. మూడు మాత్రం వాడి దగ్గరే ఉండిపోతాయి. అయినా వాడి మనసులో షార్లెట్ చోటు ఎవరికీ దక్కదు. పిల్లలొచ్చారు కదా, ఇక బాధెందుకు అని వైట్ ఎక్కడా అనడు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది అందుకే.

అది చదివాక ఫోన్ చెయ్యి. అప్పటికీ కోపం తగ్గకపోతే నాతో పోట్లాడు. మీ నాయనను వదిలెయ్యి, పాపం ఆయనకు కథే తెలియదు.

నీ
అత్త