కుంభకర్ణుడికి వీడ్కోలు

ఒరేయ్ కుంభకర్ణా,

నాలుగేళ్లూ ఎనిమిదిన్నర క్లాసుకి తొమ్మిదింటికి వచ్చావ్. విమానాశ్రయానికి మాత్రం మూడు గంటల ముందే చేరు. బయల్దేరే టైముకంటే ముందే గేటు మూసేస్తారు, ప్రాక్సీ చెప్పడానికి అక్కడ మేముండం.

పెట్టె ఇంట్లోనే తూచుకో. టికెట్ మీద 23 కిలోలని ఉంటే 22 దగ్గర ఆపు, ఇంటి కాటా కాస్త అటూ ఇటూ చూపిస్తుంది. నువ్వు ఒక్కసారీ తెరవని ఆ థర్మోడైనమిక్స్ పుస్తకమే రెండు కిలోలుంటుంది, వదిలెయ్. నిన్ను చూస్తే అది గుర్తు కూడా పట్టదు! పాస్‌పోర్టు, అడ్మిషన్ లెటర్, ఒరిజినల్ సర్టిఫికెట్లు భుజాన వేసుకునే బ్యాగులోనే ఉండాలి. పవర్‌బ్యాంకూ అందులోనే, పెద్ద పెట్టెలో వేస్తే తీయిస్తారు. అడాప్టర్ ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుంది గానీ వోల్టేజీని కాదు. ట్రిమ్మర్ ఛార్జర్ మీద 100–240V అని ఉందో లేదో చూసుకో. లేదంటే అది అక్కడ సరిగ్గా ఛార్జవ్వక, సగం గడ్డంతో మొదటి క్లాసుకి వెళ్తావ్.

తలుపులు బాది లేపేవాళ్లు లేరు కాబట్టి అలారం మంచానికి దూరంగా పెట్టు. ఫోన్‌లో మా గడియారం కూడా పెట్టుకో, కానీ బెంగగా ఉంటే టైము చూడకుండా ఫోన్ చెయ్. ఒంట్లో బాగోకపోతే "బానే ఉన్నా" అనకు. అబద్ధం చెప్పేముందు నువ్వు దగ్గుతావని మాకు తెలుసు.

మాలో ఎవరికి జ్వరమొచ్చినా రాత్రంతా మేలుకున్న కుంభకర్ణుడివి నువ్వే కదరా. నీ చోట ఇంకెవర్నీ కూర్చోనివ్వం.

దిగగానే, నిద్రపోకముందే, "చేరా" అని ఒక్క మెసేజ్ పెట్టు.

నీ
చివరి బెంచీ బ్యాచ్