రాయగడ వాణిజ్య భవనం: ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ అమరిక, వోల్టేజీ నియంత్రణ అధ్యయన నివేదిక

ఒడిశాలోని రాయగడ పట్టణంలో ఉన్న ఈ అయిదంతస్తుల భవనంలో కింద బట్టల దుకాణాలు, మొదటి అంతస్తులో వైద్యుల గదులు, స్కానింగ్ కేంద్రం, ఆ పైన రెండంతస్తుల లాడ్జి, నాలుగో అంతస్తులో కార్యాలయాలు, అయిదో అంతస్తులో ఫంక్షన్ హాలు ఉన్నాయి. రాత్రి తెల్లవార్లూ వెలిగే నడవల్లో ఎల్‌ఈడీ దీపాలు వరుసగా మాడిపోతున్నాయని, సాయంత్రం పెళ్లి జరుగుతున్నప్పుడు మాత్రం హాల్లో ఏసీలు ఆగి ఆగి నడుస్తున్నాయని యజమానులు చెప్పారు. ఒకే భవనంలో వోల్టేజీ ఎక్కువైందన్న ఫిర్యాదూ, తక్కువైందన్న ఫిర్యాదూ ఒకేసారి రావడం వల్ల ఈ అధ్యయనం అవసరమైంది. రెండూ నిజమేనని, ఈ రెంటినీ ఒక్క ట్యాప్ తిప్పి తీర్చలేమని మా కొలతలు చూపుతున్నాయి.

ఉన్న పరిస్థితి

ట్రాన్స్‌ఫార్మర్ 500 కేవీఏ, 11000/433 వోల్టులది. నేమ్‌ప్లేటు మీద ఇంపీడెన్సు 4.5 శాతం అని ఉంది. పూర్తి లోడు దగ్గర రాగి నష్టం 4.5 కిలోవాట్లు కనుక, అందులో రెసిస్టెన్సు భాగం 0.9 శాతం, రియాక్టెన్సు భాగం 4.41 శాతం అవుతాయి. ట్యాపులు హెచ్‌టీ వైపున, అంటే 11000 వోల్టుల వైపున, సరఫరా ఆపి మాత్రమే తిప్పవలసిన రకం. మొత్తం ఏడు స్థానాలు ఉన్నాయి. ఒకటో స్థానం 11550 వోల్టులకు, ఆ తర్వాత ప్రతి స్థానం 275 వోల్టులు తగ్గుతూ ఏడోది 9900 వోల్టులకు సరిపోతుంది. మూడో స్థానం 11000 వోల్టులది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే భవనంలోని వైర్‌మన్లతో మాట్లాడినప్పుడు ఎక్కువ తికమక ఇక్కడే కనిపించింది. ట్యాప్ సంఖ్య పెరిగితే హెచ్‌టీ చుట్లు తగ్గుతాయి, చుట్లు తగ్గితే ఎల్‌టీ వోల్టేజీ పెరుగుతుంది. అంటే కింద వోల్టేజీ తగ్గించాలనుకుంటే నాలుగు నుంచి మూడుకు, మూడు నుంచి రెండుకు రావాలి గాని అయిదుకు పోకూడదు.

ట్రాన్స్‌ఫార్మర్ మూత పక్కనున్న చక్రం మీద రంగు సగం పోయింది. దీపం దగ్గరగా పట్టి చూస్తే సూచిక 4 దగ్గర ఉంది. ఎప్పుడు, ఎవరు, ఎందుకు అక్కడికి తిప్పారో ఏ పుస్తకంలోనూ రాసిలేదు. వేసవి సాయంత్రాల్లో వోల్టేజీ పడిపోతోందని ఎప్పుడో తిప్పి, రాత్రి సంగతి ఆలోచించకుండా వదిలేసి ఉంటారని మా అంచనా.

కొలతలు

2025 జనవరిలో ఒక వారం, మేలో ఒక వారం హెచ్‌టీ మీటరింగు పెట్టె దగ్గర, మెయిన్ ప్యానెల్ దగ్గర, అయిదో అంతస్తు డిస్ట్రిబ్యూషన్ బోర్డు దగ్గర రికార్డర్లు పెట్టాం. తక్కువ లోడుకు జనవరి తెల్లవారుజామున 3 గంటల సమయాన్ని, గరిష్ఠ లోడుకు మే నెలలో పెళ్లి జరిగిన ఒక సాయంత్రం 7.30ని ప్రమాణంగా తీసుకున్నాం. తెల్లవారుజామున, వోల్టేజీని నూరో వంతుకు దించి చూపే పీటీ సెకండరీ మీద 112.0 వోల్టులు చదివాం, అంటే హెచ్‌టీ 11.20 కేవీ. సాయంత్రం అదే చోట 105.5 వోల్టులు, అంటే 10.55 కేవీ.

రాత్రి భవనం తీసుకునే లోడు 40 కిలోవాట్లు, 25 కేవీఏఆర్. సాయంత్రం అది 350 కిలోవాట్లు, 217 కేవీఏఆర్. మెయిన్ ప్యానెల్‌లో 100 కేవీఏఆర్ కెపాసిటర్లు పగలూ రాత్రీ కలిసే ఉంటాయి. రాత్రి ఆ ప్యానెల్ తలుపు తీసినప్పుడు రెండు కెపాసిటర్ డబ్బాలు పైన ఉబ్బి ఉండటం, వాటి మీద చేయి పెట్టలేనంత వేడిగా ఉండటం కనిపించింది.

లెక్క

ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ మార్పును ఈ సూత్రంతో లెక్కించాం:

```
VR% ≈ (R% × P + X% × Q) / S
```

ఇందులో P కిలోవాట్లు, Q కేవీఏఆర్, S ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యమైన 500. ఎక్కువ లోడు దగ్గర రెండో క్రమపు చిన్న పదాన్ని కూడా కలిపాం. సాయంత్రం కెపాసిటర్లు పోగా నికరంగా మిగిలే Q 117, కాబట్టి పతనం 1.70 శాతం. రాత్రి మాత్రం కథ తిరగబడుతుంది. 25 కేవీఏఆర్ అవసరమైన చోట 100 కేవీఏఆర్ కెపాసిటర్లు కలిసి ఉన్నందున నికర Q మైనస్ 75 అవుతుంది, ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ పడటానికి బదులు 0.59 శాతం పెరుగుతుంది. ఫీడరు వోల్టేజీ ఎలాగూ ఎక్కువగా ఉండే వేళలోనే మన కెపాసిటర్లు దాన్ని ఇంకొంచెం పైకి తోస్తున్నాయన్నమాట.

పైకి వెళ్లే రైజరు 95 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబులు, పొడవు 145 మీటర్లు. నాలుగు, అయిదు అంతస్తులూ, మేడ మీది ఏసీ అవుట్‌డోర్ యూనిట్లూ కలిసి దాని మీద 110 కిలోవాట్లు, 68 కేవీఏఆర్ లాగుతున్నాయి. వేడెక్కిన కేబులుకు కిలోమీటరుకు 0.41 ఓములు వేసుకుంటే రైజరులో పతనం 17.5 వోల్టులు, అంటే 4.2 శాతం. అంతస్తులోని చిన్న తీగల్లో మరో 0.4 శాతం పోతుంది. మొత్తం 4.6 శాతం.

అనుమతించిన హద్దులుగా 415 వోల్టుల మీద ఆరు శాతం అటూ ఇటూ తీసుకున్నాం, అంటే 390.1 నుంచి 439.9 వరకు. ప్రస్తుత ఏర్పాట్లు ఇలాగే ఉంచి ట్యాపు మాత్రమే మార్చితే వచ్చే వోల్టేజీలు ఇవి:

| ట్యాప్ | రాత్రి, మెయిన్ ప్యానెల్ | సాయంత్రం, అయిదో అంతస్తు |
|---|---|---|
| 4 | 454.8 | 399.4 |
| 3 | 443.5 | 389.5 |
| 2 | 432.6 | 379.9 |

నాలుగో ట్యాపు మీద రికార్డరు చదివిన విలువలు రాత్రి 455, సాయంత్రం 400. లెక్కకూ కొలతకూ తేడా శాతంలో నాలుగో వంతు కూడా లేదు కనుక మిగతా వరుసలనూ నమ్మవచ్చు. నాలుగో ట్యాపు దగ్గర రాత్రి ఒక్కో ఫేజుకు దాదాపు 263 వోల్టులు వస్తున్నాయి. 240 దగ్గర తీసుకునే శక్తితో పోలిస్తే గీజరు లాంటిది అప్పుడు ఇరవై శాతం దాకా ఎక్కువ లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కోరు కూడా 10725 వోల్టులకు పెట్టిన ట్యాపు మీద 11200 వోల్టులు మోస్తూ, ఉండవలసినదాని కంటే నాలుగు శాతానికి పైగా అదనపు ఫ్లక్సుతో రాత్రంతా గడుపుతోంది. ఆ నిశ్శబ్దంలో దాని రొద వాచ్‌మన్ కుర్చీ దాకా వినిపిస్తుంది.

రెండో ట్యాపులో రాత్రి బాగుంది, సాయంత్రం చెడింది. మూడో ట్యాపులో రెండూ కొద్దికొద్దిగా హద్దు దాటాయి. అందుకే ముందు లోపలి పతనాన్ని తగ్గించి, ఆ తర్వాత ట్యాపు ఎంచుకోవాలని మా నిర్ణయం.

ఏది ఎక్కడ పనిచేస్తుంది

ట్రాన్స్‌ఫార్మర్‌లో రియాక్టెన్సు రెసిస్టెన్సుకు దాదాపు అయిదు రెట్లు. కాబట్టి అక్కడ కెపాసిటర్లు పెంచితే వోల్టేజీ బాగా మెరుగవుతుంది. రైజరులో సంగతి దీనికి సరిగ్గా ఎదురు. అక్కడి పతనంలో తొంభై శాతం రెసిస్టెన్సు వల్లనే వస్తోంది. మేడ మీద 50 కేవీఏఆర్ కెపాసిటర్లు బిగిస్తే సరిపోతుందని భవనం వారికి ఇంతకుముందు ఒకరు సలహా ఇచ్చారట. లెక్క ప్రకారం దానివల్ల రైజరులో పతనం తగ్గేది 1.3 వోల్టులే. ఆ డబ్బు కేబులు మీద పెట్టడం మేలు.

మేడ మీది ఏసీ యూనిట్లు 60 కిలోవాట్లు, 37 కేవీఏఆర్ తీసుకుంటాయి. వాటికి మెయిన్ ప్యానెల్ నుంచి విడిగా మరో 95 చదరపు మిల్లీమీటర్ల కేబులు వేస్తే పాత రైజరు మీద 50 కిలోవాట్లే మిగులుతాయి, అందులో పతనం 1.9 శాతానికి దిగుతుంది. అంతస్తు తీగలతో కలిపి 2.3 శాతం. కొత్త కేబులులో ఏసీలకు వచ్చే పతనం కూడా 2.3 శాతమే. అంతేకాక ఏసీ కంప్రెసరు మొదలైన ప్రతిసారీ హాల్లో దీపాలు మినుకుమనడం పోతుంది. లెక్కలో కనిపించకపోయినా పెళ్లివారు ముందుగా గమనించేది ఇదే.

మెయిన్ ప్యానెల్‌లో ఉబ్బిన డబ్బాలు తీసివేసి, అవసరాన్ని బట్టి 25 కేవీఏఆర్ చొప్పున ఏడు మెట్లుగా తనంతట తానే కలిపి విడదీసే 175 కేవీఏఆర్ ప్యానెల్ పెట్టాలి. అప్పుడు సాయంత్రం Q 42కు తగ్గి ట్రాన్స్‌ఫార్మర్ పతనం 1.05 శాతం అవుతుంది. రాత్రి మెట్లన్నీ విడివడితే 0.29 శాతం పతనం వస్తుంది.

ఈ రెండు పనులూ అయ్యాక మూడో ట్యాపులో రాత్రి 439.6, సాయంత్రం పై అంతస్తులో 401.5 వోల్టులు, రెండో ట్యాపులో రాత్రి 428.9, సాయంత్రం 391.7 వోల్టులు వస్తాయి. కాగితం మీద రెండూ హద్దుల్లోనే ఉన్నాయి. అయినా మేము రెండో ట్యాపునే సూచిస్తున్నాం. మూడో ట్యాపులో రాత్రి ఒక్క కెపాసిటరు మెట్టు కలిసి ఉన్నా 440.6కు చేరి హద్దు దాటుతుంది, రెండో ట్యాపులో అదే తప్పు జరిగినా 429.8 దగ్గర ఆగుతుంది. పైగా గరిష్ఠ లోడు ఏడాదిలో కొన్ని సాయంత్రాలకే పరిమితం, తక్కువ లోడు మాత్రం ప్రతి రాత్రీ ఉంటుంది. సాయంత్రం ఒక్కో ఫేజుకు 226 వోల్టులు రావడం తక్కువే గాని, హాల్లోని ఏసీలూ లిఫ్టు మోటారూ దాన్ని భరిస్తాయి.

వేసవికి ఒక ట్యాపు, చలికాలానికి ఒక ట్యాపు అన్న ఆలోచనను మేము సమర్థించం. ప్రతిసారీ భవనమంతా సరఫరా ఆపాలి, ఒక్క ఏడాది మరచిపోతే మళ్లీ ఇప్పటి స్థితికే వస్తాం. స్కానింగ్ కేంద్రం తన స్టెబిలైజరును ఉంచుకోవాలి. భవనమంతటికీ ఒకటి పెట్టనవసరం లేదు.

పనుల వరుస

ఈ రోజు నుంచే రాత్రి 10 తర్వాత కెపాసిటర్లను చేతితో ఆపి, ఉదయం 8కి కలపాలి. ఇది వాచ్‌మన్ చేసే పని కాదు, డ్యూటీలో ఉన్న ఎలక్ట్రీషియన్ చేసి పుస్తకంలో సంతకం పెట్టాలి. వచ్చే ఆదివారం ట్యాపును నాలుగు నుంచి మూడుకు మార్చాలి. కేబులు పడేదాకా పెళ్లి సాయంత్రాల్లో అయిదో అంతస్తుకు 389.5 వోల్టులే వస్తాయి, అంటే హద్దుకు అర వోల్టు కంటే కాస్త ఎక్కువ లోటు. ప్రతి రాత్రీ 450 దాటడం కంటే ఆ కొన్ని గంటల లోటు మేలని భావించి ఒప్పుకుంటున్నాం. కేబులూ కెపాసిటరు ప్యానెలూ వచ్చాక మూడు నుంచి రెండుకు మార్చాలి. ఈ వరుస తారుమారు కాకూడదు. ముందే రెండుకు తిప్పితే సాయంత్రం 380 వోల్టులకు పడిపోతుంది.

ట్యాపు తిప్పే రోజు ఎల్‌టీ బ్రేకరు, ఆ తర్వాత హెచ్‌టీ బ్రేకరు ఆపి, ఐసొలేటరు తెరిచి తాళం వేసి, రెండు వైపులా ఎర్తు చేసిన తర్వాతే చక్రం మీద చేయి వేయాలి. జనరేటరు వైపు నుంచి సరఫరా వెనక్కి రాకుండా చేంజోవరు స్విచ్‌కూ తాళం వేయాలి. చక్రాన్ని మొదటి నుంచి చివరి వరకు రెండు మూడుసార్లు తిప్పి, కాంటాక్టుల మీది పొర పోయాక కావలసిన స్థానంలో నిలిపి పిన్ను బిగించాలి. తర్వాత మూడు ఫేజులకూ హెచ్‌టీ లైను వోల్టేజీకీ ఎల్‌టీ ఫేజు వోల్టేజీకీ ఉన్న రేషియో కొలవాలి. మూడో ట్యాపుకు 44.00, రెండో ట్యాపుకు 45.10 రావాలి. ఏ ఫేజులోనైనా అర శాతానికి మించి తేడా వస్తే సరఫరా ఇవ్వకూడదు. వైండింగు రెసిస్టెన్సు కూడా మూడు ఫేజుల్లో ఒకేలా ఉందో లేదో చూడాలి, ఎందుకంటే సగం కూర్చున్న కాంటాక్టు రేషియోలో దొరకకపోవచ్చు.

తిప్పిన తేదీ, పాత స్థానం, కొత్త స్థానం, కారణం, చేసినవారి పేరు తెలుగులోనూ ఒడియాలోనూ రాసి, ఆ పలకను ట్రాన్స్‌ఫార్మర్ యార్డు గేటు లోపలి వైపు బిగించాలి. మార్పు జరిగిన వారంలో ఒక రాత్రి 3 గంటలకు, పెళ్లి ఉన్న ఒక సాయంత్రం 7.30కు అవే మూడు చోట్ల మళ్లీ కొలతలు తీసి ఈ నివేదికకు జతచేస్తాం.