గడప పట్టించిన ఫొటో

మా బాబాయి కొడుకు మంగళగిరి చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాడు. దసరా ముందు తొందరలో, అక్కడే చీరలమ్మే ఒకావిడ పేజీ నుంచి నాలుగు ఫొటోలు దించుకుని, ఆమె లోగో ఉన్న అంచు కత్తిరించి తన లిస్టింగ్‌లో పెట్టేశాడు.

వారం తిరక్కుండానే మెయిల్ వచ్చింది: కాపీరైట్ ఫిర్యాదు అందింది, లిస్టింగ్ తొలగించాం అని. టెన్షన్‌లో ఆవిడకు ఫోన్ చేసి గొంతు పెంచాడు.

"నిజాం అంచు చీర మీ ఒక్కరి సొత్తా అండీ? ఎవరైనా అమ్మొచ్చు."

"చీర అమ్ముకో బాబూ, ఎవరొద్దన్నారు? ఫొటో మాత్రం నాది. కుడి మూల ఆ గడప చూడు, మా ఇంటిదే. ముగ్గు కూడా నేనేసిందే."

ఫొటో పెద్దది చేసి చూశాడు. పసుపు రాసిన గడప, పక్కన చుక్కల ముగ్గు. ఇంకేం మాట్లాడతాడు!

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మామూలుగా ఫొటో తీసినవాళ్లదే హక్కు, రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. కష్టం ఆవిడది, ఆర్డర్లు వీడికా? ఆవిడ కోపం న్యాయమే.

క్షమాపణ చెప్పి, ఫొటోలన్నీ తీసేసి, ఫిర్యాదు వెనక్కి తీసుకోమని బతిమాలాడు. ఆవిడ ఒప్పుకుంది. ఆ సాయంత్రమే మేడమీద చీర పరిచి సొంతంగా ఫొటోలు తీశాడు. జరీ రంగు సరిగ్గా పడలేదట, మళ్లీ తీస్తున్నాడు.