టీవీలో ఇన్‌పుట్ మార్చుకుని యాప్‌లు తెరవడం: అమ్మకూ నాన్నగారికీ

నాన్నగారికీ, అమ్మకూ నమస్కారాలు.

నాలుగు రోజులుగా టీవీలో నీలం తెర తప్ప ఇంకేమీ రావడం లేదనీ, అమ్మ రోజూ మధ్యాహ్నం చూసే శ్రీవారి కల్యాణోత్సవం ఆ నాలుగు రోజులూ తప్పిపోయిందనీ నిన్న పిన్ని చెప్పేదాకా నాకు తెలియలేదు. మీకు పగలు 12 గంటలైతే ఇక్కడ డల్లాస్‌లో రాత్రి పన్నెండున్నర కాబట్టి నా నిద్ర చెడుతుందని మీరు ఫోన్ చేయలేదని కూడా పిన్నే చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. అందుకే నేను అందుబాటులో లేకపోయినా మీ అంతట మీరే చూసుకునేలా అంతా వివరంగా రాస్తున్నాను. నాన్నగారు ఒక్కొక్క వాక్యమూ పైకి చదువుతుంటే అమ్మ రిమోట్ పట్టుకుని ఆ ప్రకారం చేస్తే తేలికగా ఉంటుంది.

ముందుగా ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. మన టీవీలోకి బొమ్మ రెండు దారుల్లో వస్తుంది. ఒకటి కేబుల్ వాళ్లు ఇచ్చిన సెట్‌టాప్ బాక్స్ దారి, రెండవది వైఫై ద్వారా టీవీలోకే నేరుగా వచ్చే యాప్‌ల దారి. కరెంటు పోయి వచ్చినప్పుడు టీవీ ఒక్కోసారి ఈ రెండూ కాకుండా, ఏ తీగా తగిలించని మూడో చోటును తెరిచి కూర్చుంటుంది. అప్పుడు నీలం తెర మీద No Signal అని కనబడుతుంది. టీవీ పాడైపోయిందని దాని అర్థం కాదు, మనం దానికి దారి చూపించాలి, అంతే.

ఇక రిమోట్‌ల సంగతి. సంక్రాంతికి వచ్చినప్పుడు సెట్‌టాప్ బాక్స్ రిమోట్ వెనుక నేను ఎర్ర టేపు అంటించాను. టేపు లేని నల్ల రిమోట్ టీవీది. కింద చెప్పబోయే పనులు దాదాపు అన్నీ ఈ నల్ల రిమోట్‌తోనే చేయాలి, ఎర్ర టేపు రిమోట్ ఛానెళ్లు మార్చడానికీ, బాక్స్ ఆగిపోతే దాన్ని వేయడానికీ మాత్రమే.

No Signal అని కనబడినప్పుడు నల్ల రిమోట్ పైభాగంలో చూడండి. చిన్న పెట్టెలోకి బాణం గుర్తు దూరుతున్నట్టు ఒక బటన్ ఉంటుంది, అదే ఇన్‌పుట్ బటన్. దాన్ని ఒక్కసారి నొక్కి వదిలితే తెర మీద ఒక వరుస వస్తుంది, అందులో HDMI 1, HDMI 2, AV అని ఒకదాని కింద ఒకటి ఉంటాయి. మన సెట్‌టాప్ బాక్స్ ఉన్నది HDMI 1లో. రిమోట్ మధ్యనున్న గుండ్రటి చక్రంలో పై అంచునో కింది అంచునో నొక్కుతూ వెళితే వెలుగు ఒక్కొక్క పేరు మీదికి జరుగుతుంది. ఆ వెలుగు HDMI 1 మీదికి రాగానే చక్రం నట్టనడుమ ఉన్న OK బటన్ నొక్కి, చేతులు తీసేసి మనసులో పది లెక్కపెట్టండి. అమ్మా, నువ్వు కంగారులో రెండు మూడు సార్లు నొక్కేస్తావు, అప్పుడు టీవీ ఇంకో చోటికి వెళ్లిపోతుంది. ఒక్కసారి నొక్కితే చాలు.

పది లెక్కపెట్టినా HDMI 1లో No Signal అనే వస్తుంటే సెట్‌టాప్ బాక్స్ ముందు వెలిగే చిన్న దీపాన్ని చూడండి. ఎర్రగా ఉంటే బాక్స్ నిద్రపోతోందని అర్థం, ఎర్ర టేపు రిమోట్‌లోని పవర్ బటన్ నొక్కితే అది ఆకుపచ్చగా మారి, కాసేపటికి ఛానెల్ వస్తుంది. నా అంచనా, ఆ నాలుగు రోజులూ జరిగింది ఇదే. టీవీని ఆపబోయి బాక్స్‌ను ఆపి ఉంటారు. దీపం అసలు వెలగకపోతే వెనుకనున్న ప్లగ్ వదులైందేమో నాన్నగారు స్విచ్ ఆపి చూడండి.

యాప్‌లు కావాలనుకున్నప్పుడు ఇన్‌పుట్ బటన్‌తో పనే లేదు. నల్ల రిమోట్ మీద ఇంటి బొమ్మ ఉన్న బటన్ నొక్కితే టీవీ ఏ ఇన్‌పుట్‌లో ఉన్నా యాప్‌ల పేజీకి వస్తుంది. అక్కడ YouTube, ETV Win, JioHotstar ఈ వరుసలోనే ఎడమ నుంచి కుడికి ఉండేలా పెట్టి వచ్చాను. చక్రం కుడి అంచు నొక్కుతూ కావలసిన దాని మీదికి వెళ్లి OK నొక్కండి. ఎరుపు మీద తెల్ల త్రికోణం ఉన్నది YouTube. అది తెరవగానే ఎవరు చూస్తున్నారని అడిగితే నాన్నగారి పేరున్న బొమ్మ మీద OK నొక్కండి. కేబుల్ రాని రోజున కూడా కల్యాణోత్సవం తప్పకుండా ఉండటానికి తిరుమల తిరుపతి దేవస్థానం వారి SVBC ఛానెల్‌ను అందులో సబ్‌స్క్రైబ్ చేసి ఉంచాను. అది కనబడకపోతే రిమోట్ మీది మైకు బొమ్మ బటన్‌ను నొక్కి పట్టుకుని, రిమోట్‌ను నోటికి దగ్గరగా ఉంచి, ‘ఎస్వీబీసీ లైవ్’ అని నిదానంగా పలికి వదలండి. మధ్యలో ప్రకటన వచ్చి మూలన Skip అని కనిపిస్తే OK నొక్కండి.

అమ్మ సీరియళ్లు ETV Winలోనూ, నాన్నగారి ఐపీఎల్ మ్యాచ్‌లు JioHotstarలోనూ వస్తాయి. నిన్నటి భాగం ఎక్కడ ఆపారో అక్కడి నుంచే మొదలవుతుంది కాబట్టి మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. ఎక్కడికో వెళ్లిపోయామనిపిస్తే వెనక్కి తిరిగిన బాణం బటన్‌ను ఒక్కొక్కసారి నొక్కుతూ రండి, లేదా ఇంటి బొమ్మ నొక్కితే మొదటికే వచ్చేస్తారు. రిమోట్‌లో ఏ బటన్ తప్పు నొక్కినా టీవీ పాడవదు, ఆ భయం పెట్టుకోకండి. యాప్‌లు ఇంటర్నెట్ లేదని చెబితే వైఫై పెట్టె స్విచ్ ఆపి, ఒక నిమిషం ఆగి వేసి, ఇంకో మూడు నిమిషాలు ఓపిక పట్టండి. కేబుల్ ఛానెళ్లకు ఇంటర్నెట్ అక్కర్లేదు కాబట్టి ఆలోగా HDMI 1లో ఏదైనా చూస్తూ ఉండవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ గట్టిగా ఉండాలి. తెర మీద డబ్బు కట్టమని వచ్చినా, ఏదైనా కోడ్ కొట్టమని వచ్చినా అక్కడే ఆగి ఫోటో తీసి నాకు పంపండి. ఫోన్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబర్లకు దయచేసి చేయకండి. ఆ నంబర్లలో మోసగాళ్లు పెట్టినవి చాలా ఉంటాయి. వాళ్లు సాయం చేస్తామంటూ మీ ఫోన్‌లో ఏదో యాప్ వేయించి, ఓటీపీ అడిగి బ్యాంకు ఖాతా ఖాళీ చేస్తారు. టీవీ బాగుచేయడానికి ఓటీపీతో ఎవరికీ అవసరం ఉండదు. నాన్నగారి పింఛను పడే ఖాతా ఆ ఫోన్‌కే ముడిపడి ఉంది, అందుకే ఇంతగా చెబుతున్నాను.

రేపు ఉదయం పదకొండున్నరకు ఒకసారి HDMI 1కి వెళ్లి, తరువాత ఇంటి బొమ్మ నొక్కి YouTubeలో SVBC తెరిచి చూడండి. అప్పటికి ఇక్కడ అర్ధరాత్రి అవుతుంది, కానీ నేను మెలకువగానే ఉంటాను. ఎక్కడ ఆగినా వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి, ఫోన్ వెనుక కెమెరాను టీవీ వైపు తిప్పండి. ఇకమీదట ఏ వేళప్పుడైనా సరే, నిద్ర చెడుతుందని ఆగిపోకండి.

మీ
కిరణ్